45 నిమిషాల క్లాసు పీపీటీని 5 నిమిషాల టాక్‌కి ఎలా కుదించాలి?

శ్రావణి (బెంగళూరు):
అందరికీ నమస్కారం. సివిల్‌లో, ఎన్విరాన్‌మెంటల్ సైడు పీహెచ్‌డీ చేస్తున్నాను. బెళ్లందూరు చెరువు నురగ మీద ఎంటెక్ పిల్లలకి 45 నిమిషాల క్లాసు చెప్పడానికి 48 స్లైడ్లు చేసుకున్నాను. వచ్చే వారం డిపార్ట్‌మెంట్ డేకి అదే విషయం మీద 5 నిమిషాల లైట్నింగ్ టాక్ ఇవ్వమన్నారు. స్ట్రక్చర్స్ వాళ్లు, జియోటెక్ వాళ్లు, ఆఫీసు స్టాఫ్ కూడా వింటారు. చెరువు చరిత్ర, మురుగు దారులు, నీటి పరీక్షలు, నురగ ప్రయోగం, వాన తర్వాత నురగ పెరగడం, శుద్ధి పద్ధతులు, ఇదీ క్లాసులో వరస. ఎంత కోసినా 19 స్లైడ్ల దగ్గర ఆగిపోతున్నాను. ఏది తీసినా తర్వాతది అర్థం కాదేమో అని భయం.

కిరణ్:
చాలా ఈజీ అండీ. ఏదో ఒక ఫొటో మీద క్లిక్ చేసి Picture Format లో Compress Pictures నొక్కండి. Apply only to this picture దగ్గర టిక్ తీసెయ్యండి. నా ఫైలు మెయిల్లో పట్టేంత చిన్నదైపోయింది.

శ్రావణి:
ఫైలు సైజు కాదండీ, టైము!

కిరణ్:
అయ్యో, సరే. ఎలాగూ ఆర్గనైజర్లకి పంపేముందు పనికొస్తుంది లెండి.

రాజేష్:
లెక్క సింపుల్ అమ్మా. నిమిషానికో స్లైడు, అంటే 5 స్లైడ్లు. ముఖ్యమైన ఐదు సెక్షన్లు చూసుకుని, ఒక్కోదాంట్లోంచి బెస్ట్ స్లైడు ఒకటి తీసి వరసగా పెట్టేసెయ్. కొంచెం స్పీడుగా చెప్పు, అయిపోతుంది.

పద్మజ:
రాజేష్ గారూ, 5 స్లైడ్లన్న మాట బాగుంది. కానీ సెక్షన్‌కొకటి ఏరితే వచ్చేది విషయసూచిక. చరిత్ర ఒక నిమిషం, పరీక్షలు ఒక నిమిషం, ప్రయోగం ఒక నిమిషం అని పరిగెడితే, వినేవాడికి చివర్లో చేతిలో ఏమీ మిగలదు. డిపార్ట్‌మెంట్ డేల్లో ఇలాంటివి చాలా విన్నాను, ఒక్కటీ గుర్తు లేదు.

శ్రావణీ, పీపీటీ మూసేసి ముందు ఒక్క వాక్యం రాయమ్మా. ఆ వాక్యాన్ని ఎవరైనా "కాదు" అని వాదించగలిగేట్టు ఉండాలి. "బెళ్లందూరు నురగ, కారణాలు, పరిష్కారాలు" అంటే ఎవరు మాత్రం కాదంటారు? నీ 48 స్లైడ్లలో నిన్నే ఆశ్చర్యపరిచింది ఏది?

శ్రావణి:
వాన విషయం మేడమ్. వానొస్తే మురుగు పలచనై నురగ తగ్గాలి కదా. తగ్గకపోగా పెరుగుతుంది. మా వివరణ ఏమిటంటే, సబ్బు పదార్థాలు అడుగు బురదకి అంటుకుని ఉంటాయి. వాన నీటి వడికి బురద కదిలి అవి పైకొస్తాయి. దానికి తోడు ఆ సన్నని బురద రేణువులే బుడగలు పగలకుండా కాపాడతాయి. ఒకే నీటిని బురద కలిపి, కలపకుండా రెండు జార్లలో ఒకేలా కుదిపి చూశాను. బురద కలిపినదాంట్లో నురగ ఎత్తుగా లేచింది, చాలాసేపు నిలిచింది.

పద్మజ:
టాక్ దొరికింది! "వాన తర్వాత నురగ పెరగడానికి కారణం పైనున్న నీరు కాదు, అడుగున్న బురద." దీన్ని నిలబెట్టడానికి పనికిరాని స్లైడు ఏదైనా, ఎంత కష్టపడి చేసినా, పక్కకి పోవాలి. చెరువు చరిత్ర పోతుంది. నీటి పరీక్షల పట్టిక పోతుంది. 2017లో చెరువులో మంటలు లేచిన ఫొటో పెట్టాలని చెయ్యి లాగుతుంది. పెట్టొద్దు. మంటలెందుకన్నది వేరే ప్రశ్న, హాలంతా దాని వెనకే పోతుంది.

నేనైతే ఇలా పంచుతాను. రోడ్డు మీదకొచ్చిన నురగ ఫొటో, దాని మీద "వానొస్తే తగ్గాలి కదా?" అన్న ప్రశ్న, 40 సెకన్లు. టైటిల్ స్లైడు వేరే వద్దు, పేరు ఫొటో మూలన చాలు. తర్వాత రెండు జార్లు పక్కపక్కన, ఒక నిమిషం. తర్వాత గ్రాఫు, ఒకటిన్నర నిమిషం, టాక్‌కి అదే గుండె. చివరికి దీనివల్ల ఏం మారాలో, ఒక నిమిషం. మొత్తం 4 నిమిషాల 10 సెకన్లు. మిగిలిన 50 సెకన్లు ముట్టుకోకు. మైకు అందుకోవడానికి, ఎవరైనా నవ్వితే ఆగడానికి అవి కావాలి.

స్పీడు మాత్రం పెంచొద్దు. ఇంగ్లిష్‌లో నిమిషానికి 130 మాటలు అనుకుంటే నీ స్క్రిప్టు సుమారు 540 మాటలు. రాసి లెక్కపెట్టు, 700 వచ్చిందంటే కొయ్యాల్సింది వాక్యాలనే, ఊపిరిని కాదు.

శ్రావణి:
గ్రాఫులో ఆరు గీతలున్నాయి మేడమ్, మూడు చోట్ల తెచ్చిన నీళ్లు, ఒక్కోదానికి బురదతో ఒకటి, బురద లేకుండా ఒకటి. అన్నీ ఉంచాలా? సర్‌ఫాక్టెంట్ అంటే ఏంటో ఒక స్లైడు కూడా ఉంది.

పద్మజ:
రెండే గీతలు ఉంచు, బురద ఉన్నదీ లేనిదీ. పక్కన రంగుల పట్టీ తీసేసి, గీత చివరే "బురదతో", "బురద లేకుండా" అని రాయి. 90 సెకన్లలో జనం కళ్లు పట్టీకీ గీతకీ తిరుగుతూ కూర్చుంటే నీ మాట వినరు. అయితే మిగతా నాలుగూ ఇలాగే ఉన్నాయా, లేదా అన్నది నోటితో చెప్పి తీరాలి. ఒకటి ఎదురుగా వచ్చి ఉంటే దాచకు. సర్‌ఫాక్టెంట్ స్లైడు బదులు "సబ్బు" అను, నీ హాల్లో అందరికీ తెలుస్తుంది.

ఇంకోటి. కుదించేటప్పుడు మొదట ఎగిరిపోయేవి పరిమితులు. అవి పోతే మాట అసలు కన్నా పెద్దదైపోతుంది. జార్‌లో కుదపడం, చెరువు నీరు కట్ట దిగువకి దూకడం ఒకటి కాదు కదా. ఆ ఒక్క వాక్యం ఉంచు.

రాజేష్:
మేడమ్, 5 నిమిషాల్లో కూడా "ఇది ల్యాబ్‌లోనే" అని చెప్పుకుంటే దెబ్బ తగ్గిపోదా? ప్రశ్నలప్పుడు అడిగితే చెప్పొచ్చు.

పద్మజ:
ప్రశ్నలకి టైము ఇస్తారో లేదో? నాకైతే 8 సెకన్ల వాక్యం వల్ల దెబ్బ తగ్గదు. మీరు ఒప్పుకోకపోయినా సరే.

రాజేష్:
నేనింకా ఒప్పుకోలేదు. 😀

సురేష్ (చెన్నై):
నా అనుభవం చెప్తా. మా కాలేజీలో లైట్నింగ్ టాక్ అని పిలిచారు. తీరా చూస్తే ఇగ్నైట్ పద్ధతి, 20 స్లైడ్లు, ఒక్కోటి 15 సెకన్లకి దానంతటదే మారిపోతుంది. నేను 6 స్లైడ్లతో వెళ్లాను. అప్పటికప్పుడు ఒక్కో స్లైడు మూడు నాలుగుసార్లు వచ్చేట్టు కాపీ చేశాను. పెచకుచా అయితే 20 స్లైడ్లు 20 సెకన్లు, 6 నిమిషాల 40 సెకన్లు అవుతుంది. కాబట్టి ముందు అడగండి: స్లైడ్లు మనం మార్చాలా, ప్రశ్నలు 5 నిమిషాల్లోపలా బయటా, అందరి ఫైళ్లూ ఒకే ల్యాప్‌టాప్‌లో కలిపేస్తారా?

శ్రావణి:
అడిగాను. స్లైడ్లు మనమే మార్చుకోవాలి. అందరివీ ఒకే ఫైలులో కలుపుతారట.

సురేష్:
అయితే ఇంకో జాగ్రత్త. ప్రాక్టీసుకి Rehearse Timings వాడి, చివర్లో సేవ్ చేయమంటే అవునంటే, ఆ టైములు స్లైడ్లకి అతుక్కుపోతాయి. వాళ్ల ఫైల్లో మీ స్లైడ్లు మీరు మాట్లాడుతుండగానే మారిపోతాయి. Transitions లో After దగ్గర టిక్ తీసేసి పంపండి. వద్దనుకున్న స్లైడ్లు Hide Slide చేసి అదే ఫైలులో ఉంచొద్దు. కలిపేవాళ్లు తెలియక బయటికి తీస్తారు. కొత్త ఫైలు చేసి 4 స్లైడ్లే పంపండి. పీడీఎఫ్ కూడా జత చెయ్యండి. ఫాంట్లు చెదిరితే కనీసం చూసుకోవడానికి ఉంటుంది.

కిరణ్:
ఇప్పుడైనా కంప్రెస్ చెయ్యొచ్చా? 🙂

శ్రావణి:
చేస్తా కిరణ్ గారూ. మేడమ్, చివరి నిమిషానికి "బురద తియ్యాలి" అని ఒకటే పెట్టనా, శుద్ధి ప్లాంట్ల మాట కూడా ఎత్తనా? మా గైడ్‌కి ప్లాంట్లంటే ఇష్టం, ముందు వరసలోనే కూర్చుంటారు.

పద్మజ:
నీ ప్రయోగం బురద గురించే చెప్పింది, ప్లాంట్ల గురించి ఏమీ చెప్పలేదు. గైడ్ సంగతి మాత్రం నువ్వే చూసుకోవాలమ్మా. స్క్రిప్టు వాయిస్ నోట్‌లో పెట్టు, వింటాను.