11న కట్టిన కార్డు బిల్లు 16న పడింది, ఆలస్య రుసుం ఎవరిది?

శ్రీకాకుళం_కుర్రాడు: క్రెడిట్ కార్డు బిల్లు 18,460 రూపాయలు, గడువు 12వ తేదీ. 11 రాత్రి 9.40కి ఫోన్‌లో పేమెంట్ యాప్ నుంచి యూపీఐతో కట్టేశాను, ఖాతాలోంచి అప్పుడే డబ్బు పోయింది. కార్డులో మాత్రం 16న జమ చూపించారు. ఈ నెల స్టేట్‌మెంట్‌లో లేట్ ఫీజు 750, వడ్డీ 775, వాటి మీద జీఎస్టీ కలిపి 1,799.50 వేశారు. స్క్రీన్‌షాట్ పంపితే కస్టమర్ కేర్ వాళ్లు "మాకు అందిన తేదీనే లెక్క" అంటున్నారు. కట్టిన తేదీని ఎలా రుజువు చేయాలి?

విజయవాడ_వాణి: వాళ్లు వేయడానికే లేదండీ. గడువు దాటి మూడు రోజులకు పైగా బాకీ ఉంటేనే లేట్ ఫీజు వేయాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఆ మాట రాసి మెయిల్ పెట్టండి, వెంటనే తీసేస్తారు.

కౌంటర్_వెనకాల: వాణి గారూ, నిబంధన నిజమే, 2022లో వచ్చిన కార్డుల ఆదేశాల్లో ఉంది. కానీ ఈయన విషయంలో అదొక్కటే సరిపోదు. 12 తర్వాత 13, 14, 15 మూడు రోజులు అయిపోయాయి, వాళ్ల లెక్కలో జమ 16న, అంటే నాలుగో రోజు. పైగా ఆ మూడు రోజుల వెసులుబాటు లేట్ ఫీజుకు, క్రెడిట్ బ్యూరోకు చెప్పడానికి వర్తిస్తుంది, వడ్డీని ఆపదు. గడువుకల్లా మొత్తం అందలేదని వాళ్లు రాసుకుంటే, కొన్న రోజు నుంచి వడ్డీ లెక్క కడతారు, ఆ 775 అలా వచ్చిందే. కాబట్టి గట్టిగా పట్టుకోవాల్సింది 11వ తేదీనే.

దానికి స్క్రీన్‌షాట్ బలహీనం, ఎవరైనా మార్చగలరని పక్కన పెట్టేస్తారు. మీ ఖాతా ఉన్న బ్యాంకు నుంచి ఆ నెల స్టేట్‌మెంట్ పీడీఎఫ్ దించుకోండి. 11వ తేదీ వరసలో 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు ఉంటుంది. యాప్‌లో బిల్లు రసీదు తెరిస్తే బీ-కనెక్ట్ ట్రాన్సాక్షన్ ఐడీ అని ఇంకోటి కనబడుతుంది, బిల్లు చెల్లింపుల వ్యవస్థలో మీ లావాదేవీకి గుర్తు అదే. మొదటిది డబ్బు మీ ఖాతా దాటిన రోజు చెబుతుంది, రెండోది అది ఏ కార్డుకు, ఏ సమయానికి వెళ్లిందో చెబుతుంది. రెండూ కలిపి పంపితేనే మాట నిలుస్తుంది.

గల్ఫ్_గిరి: నాకూ ఇదే అయింది అన్నా, డబ్బు కట్ అయింది, నేను రసీదు పట్టుకుని నెలంతా కొట్లాడాను. చివరికి చూస్తే ఐదో రోజు డబ్బు వెనక్కి వచ్చేసింది, మెసేజ్ నేను చూడలేదు.

కౌంటర్_వెనకాల: గిరి గారూ, మీది వేరు. వెనక్కి వచ్చిందంటే బిల్లు కట్టనట్టే, అప్పుడు కట్ అయిన తేదీ చూపించినా లాభం లేదు. అందుకే స్టేట్‌మెంట్‌లో ఆ తర్వాతి పది రోజులు కూడా చూడమంటాను. ఈయనకు మాత్రం 16న జమ అయింది కదా, కాబట్టి డబ్బు దారిలో ఆగి ఉండాలి. ఒక్కటి అడుగుతాను, ఈ మధ్య కార్డు మార్చారా?

శ్రీకాకుళం_కుర్రాడు: అవును సర్! పోయిన నెలే కొత్త కార్డు వచ్చింది. ఇప్పుడే రసీదు చూశాను, చివరి నాలుగు అంకెలు పాత కార్డువి. యాప్‌లో పాతదే సేవ్ అయి ఉంది, నేను గమనించలేదు.

విజయవాడ_వాణి: అయితే తప్పు ఈయనదేగా, పాత నంబరుకు కట్టారు కాబట్టి.

కౌంటర్_వెనకాల: నేను ఒప్పుకోను. పాత నంబరు చెల్లదని అప్పుడే తిప్పి పంపి ఉంటే ఈయన 12న మళ్లీ కట్టేవాడు. డబ్బు తీసుకుని, నాలుగు రోజులు ఉంచుకుని, చివరికి ఈయన కార్డుకే వేశారు. అంటే ఖాతా ఒకటేనని వాళ్లకు తెలుసు.

విజయవాడ_వాణి: వాళ్ల షరతుల్లో "సరైన కార్డు నంబరుకు" అని రాసుంటే?

కౌంటర్_వెనకాల: ఉంటే వాళ్ల వైపూ మాట ఉంటుంది, కాదనను. అయినా రాతపూర్వకంగా అడగండి: "11న మీకు చేరిన ఈ రిఫరెన్స్ డబ్బు 16 దాకా ఎక్కడ ఉంది?" అని. బిల్లు మీద అభ్యంతరం చెబితే 30 రోజుల్లోగా వివరణ ఇవ్వాలి. యాప్‌లో అదే లావాదేవీ మీద ఫిర్యాదు కూడా నమోదు చేసి ఆ నంబరు మెయిల్‌లో పెట్టండి. 30 రోజులు దాటినా, జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, ఖర్చు లేదు. ఈలోగా కొత్త కొనుగోళ్ల బిల్లు ఆపకండి, ఈసారి కొత్త నంబరుకే కట్టండి.

శ్రీకాకుళం_కుర్రాడు: (పన్నెండు రోజుల తర్వాత) మెయిల్‌కు జవాబు వచ్చింది. లేట్ ఫీజు 750, దాని జీఎస్టీ 135 తిరిగి వేశారు. వడ్డీ మాత్రం "జమ తేదీ ప్రకారం సరైనదే" అంటున్నారు. డబ్బు నాలుగు రోజులు ఎక్కడుందో ఒక్క ముక్క రాయలేదు. మళ్లీ అదే ప్రశ్న పంపాను, ముప్పై రోజులు లెక్కపెడుతున్నాను.