చేతులు స్టీరింగ్ మీదే ఉన్నా హెచ్చరిక ఎందుకు? టార్క్ సెన్సర్ మేలా, స్పర్శ సెన్సర్ మేలా?

మాధవి: నా కారులో, కారును గీతల మధ్యలో ఉంచే లేన్ సెంటరింగ్ ఉంది. గతుకుల రోడ్డు మీద, మలుపుల్లో అది నన్ను ఎప్పుడూ విసిగించదు. కొత్తగా వేసిన నున్నటి, తిన్నని హైవే మీద మాత్రం రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నా పావు నిమిషానికోసారి "స్టీరింగ్ పట్టుకోండి" అంటుంది. ఇది లోపమా? చక్రాన్ని తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, చూసే పద్ధతిని వదిలేసి, చేతి స్పర్శను గుర్తించే సెన్సర్‌నే అన్ని కార్లలో పెట్టడం మంచిది కాదా?

రఘురామ్: లోపం కాదండీ, నా కారులోనూ ఇంతే. స్టీరింగ్ చక్రం అంచులో పట్టు బిగింపును కొలిచే సెన్సర్ ఉంటుంది. నున్నటి రోడ్డు మీద మనకు తెలియకుండానే పట్టు సడలుతుంది, దాంతో అది చేతులు లేవనుకుంటుంది. హెచ్చరిక రాగానే నేను గట్టిగా బిగిస్తాను, వెంటనే పోతుంది. మీరూ అలాగే చేసి చూడండి.

ఇబ్రహీం: సెట్టింగుల్లో ఆ వణుకు తీవ్రతను తగ్గించుకోవచ్చు. నా కారులో గీత దాటినప్పుడల్లా చక్రం వణికేది. తక్కువ స్థాయికి మార్చాక హాయిగా ఉంది.

మాధవి: ఇబ్రహీం గారూ, మీరు చెబుతున్నది గీత దాటితే వచ్చే హెచ్చరిక. నా కారు గీతల మధ్య చక్కగానే వెళుతోంది, చేతులు లేవని అనుకోవడమే నా సమస్య. రఘురామ్ గారూ, బిగించి చూశాను. ఒక్కోసారి పోతుంది, ఒక్కోసారి చేతులు నొప్పి పుట్టేదాకా బిగించినా పోదు.

విశ్వనాథం: స్టీరింగ్ వ్యవస్థల పరీక్షల్లో చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మాధవి గారూ, "ఒక్కోసారి పోతుంది, ఒక్కోసారి పోదు" అన్న మీ మాటలోనే జవాబు ఉంది. మీ కారులో ఉన్నది టార్క్ సెన్సర్ అయి ఉండాలి. అది చక్రం అంచులో ఉండదు, బిగింపును కొలవదు. స్టీరింగ్ కడ్డీలో ఒకచోట టోర్షన్ బార్ అనే సన్నని ఉక్కు ముక్క ఉంటుంది. పై చివర మీ చేతుల వైపు, కింది చివర టైర్ల వైపు. పైనుంచి మీరు తిప్పుతుంటే కింద టైర్లు ఎదురు నిలుస్తాయి కాబట్టి ఆ ముక్క కొద్దిగా మెలి తిరుగుతుంది. సెన్సర్ చూసేది ఆ మెలికనే. సుమారుగా ఒక డిగ్రీ మెలికకు రెండున్నర న్యూటన్ మీటర్ల టార్క్ అనుకోండి. చేయి ఉందని ఒప్పుకోవడానికి అర న్యూటన్ మీటర్ కావాలని తయారీదారు నిర్ణయిస్తే, డిగ్రీలో ఐదో వంతు మెలి తిరిగితే చాలు. చాలా చిన్నదే, కానీ సున్నా మాత్రం కాదు.

ఇప్పుడు రెండు చేతులతో ఎంత గట్టిగా పిసికినా చక్రం ఎటూ తిరగదు. తిరగకపోతే మెలిక లేదు, మెలిక లేకపోతే సెన్సర్ దృష్టిలో చేతులు లేవు. రఘురామ్ గారు బిగించినప్పుడు హెచ్చరిక పోవడానికి కారణం, బిగించేటప్పుడు ఒక చేయి రెండో చేతికంటే కాస్త ఎక్కువగా లాగడం. పనిచేసింది ఆ లాగుడు, బిగింపు కాదు.

చేతులు ఎక్కడ పెడుతున్నారన్నదీ లెక్కలోకి వస్తుంది. గడియారంలో మూడు గంటల స్థానంలో ఒక్క చేయి వాలిస్తే, నాలుగు వందల గ్రాముల బరువు చక్రం మీద పడిందనుకుందాం. చక్రం మధ్యనుంచి అంచుకు పద్దెనిమిది సెంటీమీటర్లు. అంటే సుమారు 0.7 న్యూటన్ మీటర్లు, సెన్సర్‌కు ధారాళంగా చాలు. అదే తొమ్మిదింటి దగ్గర రెండో చేయి కూడా వాలిస్తే రెండు బరువులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మిగిలేది సున్నా. ఆరు గంటల దగ్గర, అంటే అడుగున, చేయి వేలాడదీసినా సున్నానే, ఎందుకంటే ఆ బరువు నేరుగా మధ్యగీత మీదుగా కిందికి లాగుతుంది, ఎటూ తిప్పదు. జాగ్రత్తగా రెండు చేతులతో నడిపేవారినే ఈ యంత్రం ఎక్కువగా అనుమానిస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు బాధ కలిగించే విషయం ఇది.

మాధవి: నేను సరిగ్గా తొమ్మిది, మూడు స్థానాల్లోనే పట్టుకుంటాను. మరి గతుకుల రోడ్డు మీద ఎందుకు అడగదు?

విశ్వనాథం: అక్కడ రోడ్డే మీ తరఫున సాక్ష్యం చెబుతుంది. గతుకు తగిలితే టైర్లు కదులుతాయి, టోర్షన్ బార్ కింది చివర కదులుతుంది. పైన ఖాళీ చక్రం ఉంటే అది స్ప్రింగుకు కట్టిన బరువులా తనంతట తాను ఊగుతుంది, సెకనుకు దాదాపు పదిసార్లు. చేతులు పట్టుకుని ఉంటే ఆ ఊపు వెంటనే అణగిపోతుంది. సంకేతం ఆకారం చూసి, చేయి ఉందో లేదో సాఫ్ట్‌వేర్ అంచనా కట్టగలదు. మలుపులో అయితే లేన్ సెంటరింగ్ మోటార్ చక్రాన్ని తిప్పుతుంటే మీ చేతుల బరువు దాన్ని కాస్త వెనక్కి పడుతుంది, అదీ మెలికగా కనిపిస్తుంది.

నున్నటి తిన్నని రోడ్డు మీద ఈ రెండూ లేవు. రోడ్డు కుదపదు, మోటార్ దాదాపు తిప్పదు, మీరూ దిద్దాల్సిన పని లేదు. పట్టుకున్న చక్రమూ ఖాళీ చక్రమూ సెన్సర్‌కు ఒకే తిన్నని గీతలా కనిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ ఎంత తెలివైనదైనా రాని సంకేతాన్ని చదవలేదు.

పావు నిమిషం అన్న లెక్కా ఊరికే వచ్చింది కాదు. ఐక్యరాజ్యసమితి 79వ నియమావళి ప్రకారం ఇలాంటి వ్యవస్థ, చేతులు లేవని తేలాక 15 సెకన్లు దాటకుండా కంటికి కనిపించే హెచ్చరిక ఇవ్వాలి. 30 సెకన్లలోపు దాన్ని ఎరుపు చేసి శబ్దం కలపాలి. ఆ శబ్దం మొదలయ్యాక మరో 30 సెకన్లలోపు ఆ వ్యవస్థ తనంతట తాను ఆగిపోవాలి. నియమం గడువును చెబుతుంది కానీ చేతిని ఏ సెన్సర్‌తో గుర్తించాలో నిర్దేశించదు. అందుకే ఈ ఎంపిక తయారీదారుది. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్‌కు టార్క్ సెన్సర్ ఎలాగూ ఉండాల్సిందే కాబట్టి దాన్నే ఈ పనికీ వాడుకుంటే కొత్త ఖర్చు ఉండదు.

కిరణ్: వివరణ బాగుంది, కానీ దీన్నుంచి "స్పర్శ సెన్సరే మేలు" అన్న నిర్ణయానికి వెళితే నేను ఒప్పుకోను. స్పర్శ సెన్సర్‌కు చేయి తగిలితే చాలు. ఆ మనిషి నిద్రపోయినా, మోకాలు చక్రానికి ఆనినా "పట్టుకున్నాడు" అంటుంది. టార్క్ పద్ధతి కనీసం ఒక పని చేయమంటుంది. పదిహేను సెకన్లకోసారి చక్రాన్ని కాస్త కదపగలిగినవాడు మేలుకుని ఉన్నాడని తెలుస్తుంది. విసుగు తగ్గడం కోసం భద్రతను తగ్గించుకోకూడదు.

విశ్వనాథం: కిరణ్ గారూ, నిద్ర గురించి మీరు చెప్పింది నిజం. కానీ టార్క్ సెన్సర్ పని చేయమని అడగడం లేదు, మెలికను అడుగుతోంది. ఆ మెలిక ఎవరు ఇచ్చినా దానికి ఒకటే. చక్రం ఒక పక్కన రెండు వందల గ్రాముల బరువు తగిలిస్తే 0.35 న్యూటన్ మీటర్లు నిరంతరంగా వస్తాయి. చేయి ఉందని ఒప్పుకునే కనీస టార్క్‌ను తక్కువగా పెట్టిన కారును అది మోసం చేయగలదు. ఇలా చక్రానికి తగిలించే బరువును వస్తువుగా అమ్మినప్పుడు 2018 జూన్‌లో అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఆ అమ్మకం ఆపమని ఆదేశించింది. మనుషులు అటువంటి వస్తువు కోసం వెతకడానికి ఈ అకారణ హెచ్చరికలూ ఒక కారణమని నా నమ్మకం.

ఇంకొకటి. హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ చక్రాన్ని కుదిపే అలవాటు పడ్డ చేయి, ఒకరోజు కాస్త గట్టిగా కుదుపుతుంది. ఆ బలాన్ని కారు "డ్రైవరే తిప్పుతున్నాడు" అని అర్థం చేసుకుని లేన్ సెంటరింగ్‌ను వదిలేయవచ్చు. పరీక్షల్లో నేను స్వయంగా చూశాను. హెచ్చరిక పోయింది, దాంతోపాటు సహాయమూ పోయింది. డ్రైవర్ మాత్రం కారు ఇంకా తానే నడుపుకుంటోందని అనుకుంటున్నాడు.

అనసూయ: స్పర్శ సెన్సర్ ఉంటే సమస్యలన్నీ తీరిపోతాయని ఎవరూ అనుకోకండి. నా కారులో అదే ఉంది. మొదటి ఆరు నెలలు వేలు ఆనిస్తే చాలు, ఎంత నున్నటి రోడ్డయినా ఒక్క హెచ్చరిక లేదు. తర్వాత చక్రానికి మందపాటి తోలు తొడుగు కుట్టించాను. ఆ రోజు నుంచి రెండు చేతులతో పట్టుకున్నా "పట్టుకోండి" అనే గోల. సర్వీసు కేంద్రంలో రెండుసార్లు సాఫ్ట్‌వేర్ మార్చారు, ఫలితం లేదు. చివరకు తొడుగు తీసేశాను, అంతే, సమస్య పోయింది. చలికాలంలో మందపాటి చేతి తొడుగులు వేసుకున్నా అప్పుడప్పుడు ఇలాగే జరుగుతుంది.

విశ్వనాథం: అనసూయ గారి అనుభవం ఆ పద్ధతికి ఉన్న హద్దును సరిగ్గా చూపిస్తుంది. తోలు కింద విద్యుత్తును మోసే పొర ఒకటి చక్రం చుట్టూ పరిచి ఉంటుంది. చేయి దగ్గరికి వస్తే దాని కెపాసిటెన్స్, అంటే విద్యుదావేశాన్ని పట్టి ఉంచే సామర్థ్యం, పెరుగుతుంది. చేతికీ ఆ పొరకీ మధ్య దూరం పెరిగేకొద్దీ ఆ పెరుగుదల వేగంగా పడిపోతుంది. తొడుగు మందం కొన్ని మిల్లీమీటర్లే అయినా, అసలు తోలు మందం కూడా ఆ మాత్రమే కాబట్టి, దూరం రెట్టింపో అంతకంటే ఎక్కువో అవుతుంది. ఎండకూ తేమకూ కూడా ఖాళీ చక్రం కొలత మారుతుంటుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ తన సున్నాను ఎప్పటికప్పుడు సరిచూసుకుంటూ ఉండాలి.

అయినా నా ఓటు స్పర్శకే, టార్క్‌ను రెండో సాక్షిగా ఉంచుకుంటూ. చేయి ఉందా అన్న ప్రశ్నకు చేతిని చూసే సెన్సర్ జవాబివ్వాలి.

కిరణ్: అయితే టార్క్ పద్ధతినే మెరుగుపరచకూడదా? రోడ్డు కుదపకపోతే మోటారే చిన్నగా కుదపవచ్చు కదా. మీరు చెప్పిన ఊపు అణిగిందో లేదో చూసి తేల్చుకోవచ్చు.

విశ్వనాథం: మంచి ఆలోచన, సూత్రరీత్యా పనిచేస్తుంది. ఇబ్బంది మోతాదులో ఉంది. సెన్సర్‌కు స్పష్టంగా కనిపించేంత కుదిపితే చేతికి సన్నని జలదరింపులా తగులుతుంది. తగలనంత తక్కువ కుదిపితే, వేళ్ల చివరలతో తేలిగ్గా పట్టుకున్న చేయి ఆ ఊపును పెద్దగా అణచదు, మళ్లీ "చేతులు లేవు" అంటుంది. ఈ రెండింటి మధ్య ఉన్న చోటు ఇరుకు. దాన్ని ప్రతి కారుకూ, టైరు అరిగాక కూడా, నిలబెట్టగలరా అన్నది నాకింకా సందేహమే.

మాధవి: ఈ వారాంతం ఒకే నున్నటి రోడ్డు మీద చూశాను. తొమ్మిది, మూడు స్థానాల్లో రెండు చేతులతో ఎప్పటిలాగే పావు నిమిషానికి హెచ్చరిక. ఎడమ చేయి తేలిగ్గా ఆనించి, కుడిచేతి బరువు మాత్రం మూడింటి దగ్గర వాలిస్తే నలభై నిమిషాలు ఒక్క హెచ్చరిక లేదు. కానీ కుడి మోచేతిని పక్కనున్న ఆనుపు మీద పెట్టగానే మళ్లీ మొదలైంది. బరువు ఆనుపు మీదికి పోయింది కాబట్టి అనుకుంటున్నాను.

విశ్వనాథం: సరిగ్గా అదే. లోపం లేదని దీంతో తేలిపోయింది.

కిరణ్: ఆ నలభై నిమిషాలు ఆమె చేయి చేసిన పని, తగిలించిన రెండు వందల గ్రాముల బరువు చేసే పనీ ఒకటే. ఆమె మెలకువగా ఉన్నారని ఆ కారుకు ఎలా తెలిసింది?

విశ్వనాథం: తెలియలేదు. ఆ ప్రశ్నకు టార్క్ దగ్గరా జవాబు లేదు, స్పర్శ దగ్గరా లేదు. దానికి కళ్లను చూసే కెమెరా కావాలి. చేతుల విషయంలో మాత్రం నా ఓటు మారదు.

కిరణ్: కెమెరా వచ్చేదాకా నా ఓటూ మారదు.