అప్‌డేట్: షిప్-షీప్ గోల తీరింది, కిటుకు పొడవులో లేదు

నా ప్రశ్న: "విజయనగరంలో టెన్త్ పిల్లలకి స్పోకెన్ ఇంగ్లిష్ చెప్తున్నాను. షిప్, షీప్ తేడాగానే పలుకుతారు. ఆడియోలో 'సీట్' అంటే మాత్రం 'సిట్' అని రాస్తున్నారు. ఎందుకు?"

అందరికీ థాంక్స్. నాలుక సంగతి చూడమన్న సలహాయే పనిచేసింది. మన ఇ, ఈలకి తేడా ప్రధానంగా పొడవే కాబట్టి పిల్లలు అదే కొలుస్తున్నారు. ఇంగ్లిష్‌లోనేమో ట్, ప్, క్ ముందు అచ్చు కురచవుతుంది. డ్, బ్, గ్ ముందు సాగుతుంది. అందుకే 'బీట్'లో ఈ, 'బిడ్'లో ఇ ఇంచుమించు ఒకే పొడవుంటాయి.

షిప్‌కి పెదాలు వదులుగా, నాలుక కాస్త దిగి ఎ వైపుండాలి. షీప్‌కి పెదాలు పక్కలకి సాగి, నాలుక పైకెళ్లాలి. 'షిప్'లో అచ్చుని మూడు సెకన్లు సాగదీయించాను. చాలామంది మధ్యలో ఈలోకి జారిపోయారు, తప్పు అక్కడే దొరికింది. తర్వాత 'షీప్'ని టక్కున తెంపించాను. అవి కుదిరాకే బీట్-బిడ్ జత.

ఆడియో స్లో చెయ్యడం దండగ, అన్ని అచ్చులూ సాగిపోతాయి. 'షిప్పు, షీపు' అని చివర ఉ తగిలించడం వేరే జబ్బు, దీనికి సంబంధం లేదు.