ఉన్న కారుకు సీఎన్‌జీ కిట్టా, కంపెనీ సీఎన్‌జీ కారా? హైదరాబాద్‌లో ఏది మేలు?

ఉప్పల్_నివాసి:
నాది 2023 వాగన్‌ఆర్ 1.2 పెట్రోల్. రోజూ ఉప్పల్ నుంచి పటాన్‌చెరుకి, రానూ పోనూ 80 కిలోమీటర్లు. లోన్ ఇంకా ఉంది, ఎక్స్‌టెండెడ్ వారంటీ ఏడాదిన్నర ఉంది. షాపులో 60 వేలకి కిట్ వేస్తామంటున్నారు. వేయించాలా, ఇది అమ్మేసి కంపెనీ సీఎన్‌జీ కారు కొనాలా? డిక్కీ, వారంటీ, సేఫ్టీ మూడూ టెన్షన్‌గా ఉన్నాయి.

వెంకట్_మియాపూర్:
బ్రో, ఆలోచించకుండా కిట్ వేయించెయ్. గ్యాస్ సిలిండర్ల భద్రత చూసే కేంద్ర సంస్థ పెసో, సిలిండర్ మీద దాని ముద్ర ఉందో లేదో చూసుకో, అదుంటే గవర్నమెంట్ అప్రూవల్ ఉన్నట్టే. నా పాత స్విఫ్ట్‌కి వేయించి నాలుగేళ్లయింది, ఒక్క సమస్య లేదు. కొత్త కారు కొంటే రోడ్డు ట్యాక్స్, ఇన్సూరెన్స్ అన్నీ మళ్లీ మొదటి నుంచి కట్టాలి.

నాచారం_ఫిట్టర్:
వెంకట్ గారూ, సగం చెప్పారు. పెసో ముద్ర సిలిండర్‌కి మాత్రమే. ఆ ఉక్కు డబ్బా 200 బార్ ప్రెషర్‌కి తట్టుకుంటుందని అది చెబుతుంది. ఫలానా కారుకి ఫలానా కిట్ వేయొచ్చా అనేది వేరే అప్రూవల్. దాన్ని పుణేలో ఏఆర్‌ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్ లాంటి టెస్టింగ్ సంస్థలు ఇస్తాయి. ఆ కాగితం కిట్ కంపెనీ పేరు మీద ఉంటుంది, మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి.

అసలు తిరకాసు ఇంజిన్ సైజు దగ్గర ఉంది. 1500 సీసీ లోపు ఇంజిన్లకు ఆ సర్టిఫికెట్ టెస్ట్ చేసిన సైజుకి ఇటూ అటూ 7 శాతం వరకే చెల్లుతుంది. వాగన్‌ఆర్‌లో రెండు ఇంజిన్లున్నాయి, 998 సీసీ, 1197 సీసీ. 998 మీద తీసుకున్న సర్టిఫికెట్ 928 నుంచి 1068 దాకా పనికొస్తుంది. ఉప్పల్ తమ్ముడిది 1.2 అంటే 1197. పేరు వాగన్‌ఆరే అయినా ఆ కాగితం ఈ బండికి పనికిరాదు. మీ 2023 బండి బీఎస్‌-6 కాలుష్య ప్రమాణం కిందికి వస్తుంది, బీఎస్‌-6 బండికి బీఎస్‌-6 సర్టిఫికెటే ఉండాలి, పాత బీఎస్‌-4 ది చూపిస్తే కుదరదు. బీఎస్‌-6 పెట్రోల్ బండ్లకి కిట్ వేసుకోవడానికి కేంద్రం 2022లోనే అనుమతి ఇచ్చింది కాబట్టి దారి ఉంది. కానీ మీ ఇంజిన్‌కి ఆ కిట్ మీద అప్రూవల్ ఉండాలి.

రఘు_వనస్థలిపురం:
నా విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. ఒక షాపువాడు "ఆర్‌సీ మేం ఎక్కించి ఇస్తాం సార్" అని 55 వేలు తీసుకుని కిట్ వేశాడు. మూడు వారాలు తిప్పాడు. చివరికి నేనే ఆర్టీఏ ఆఫీసుకి వెళితే అక్కడ కాగితాలు చూసి, మీ బండి ఇంజిన్ ఈ సర్టిఫికెట్‌లో లేదన్నారు. ఆర్‌సీలో ఇంధనం అన్న చోట ఇంకా "పెట్రోల్" అనే ఉంది, డిక్కీలో మాత్రం గ్యాస్ సిలిండర్. డబ్బు వాపసు ఇవ్వనన్నాడు. ఎనిమిది నెలలు గ్యాస్ వాల్వ్ కట్టేసి పెట్రోల్ మీదే తిరిగాను, డిక్కీలో ఆ బరువు మోసుకుంటూ. నా భార్యా పిల్లలు అందులో కూర్చుంటారు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు ఆర్‌సీ చూసి క్లెయిమ్ పక్కన పెట్టేస్తారన్న భయం వదల్లేదు.

ఉప్పల్ అన్నా, డబ్బు ఇచ్చే ముందు ఆ సర్టిఫికెట్ కాపీ చేతికి తీసుకుని సీసీ చదువుకో. ఇది ఒక్కటి చెయ్.

సైదులు_ఆటో:
నేను ఆటో నడుపుతా, ఎల్పీజీ బండి. గ్యాస్ బండి ఎండలో పెడితే పేలుతుందని అందరూ భయపెడతారు, పదకొండేళ్లలో నాకేం కాలేదు. తమ్ముడు ధైర్యంగా వేయించుకోవచ్చు. మా బంక్‌లో లైన్ కూడా తక్కువ.

నాచారం_ఫిట్టర్:
సైదులన్నా, మీది ఎల్పీజీ, ప్రెషర్ చాలా తక్కువ. ఇతను అడిగింది సీఎన్‌జీ గురించి. రెంటికీ సిలిండర్ వేరు, రూల్స్ వేరు. మీ ధైర్యం మాత్రం కరెక్టే, సరిగ్గా బిగించిన సిలిండర్ ఎండకి పేలదు. సమస్య బిగింపులోనే వస్తుంది.

60 లీటర్ల ఉక్కు సిలిండర్, దాని స్టాండు, నిండా గ్యాస్ కలిపి దాదాపు 70 కిలోలు. గుద్దుకున్నప్పుడు ముందుకు దూకే దిశలో తన బరువుకి 20 రెట్లు తట్టుకునేలా బిగింపు ఉండాలని రూల్. అంటే 1400 కిలోల లాగుడు. డిక్కీ నేల ఒట్టి రేకు. ఆ రేకులోకి పైనుంచి స్క్రూలు దింపితే అంత లాగుడికి ఊడి వచ్చేస్తాయి. బోల్టు రేకుని దాటి కిందికి రావాలి, కింద మందపాటి ప్లేటు ఉండాలి, దాని మీద నట్టు బిగించాలి. డెలివరీ రోజు బండిని లిఫ్ట్ ఎక్కించమని అడగండి, కిందికి వెళ్లి నాలుగు బోల్టులూ, ప్లేట్లూ కళ్లతో చూడండి. అండర్‌బాడీ కోటింగ్ పూసి దాచేసి ఉంటే గీకి చూపించమనండి.

రెండోది సిలిండర్ మూతి. అక్కడున్న వాల్వ్‌ని మూసేలా ఒక కవర్, దాని నుంచి కారు కిందికి దిగే గొట్టాలు ఉండాలి. వాల్వ్ దగ్గర లీకయితే గ్యాస్ డిక్కీలో నిలవకుండా ఆ గొట్టాల గుండా బయటికి పోవాలి. ఖర్చు తగ్గించుకోవడానికి కొందరు దాన్ని పెట్టరు. సబ్బు నీళ్లు ప్రతి జాయింటు మీదా పోయించి చూడండి, బుడగ వస్తే లీకు ఉన్నట్టే.

శ్రావణి_అల్వాల్:
నేను పోయినేడు కంపెనీ సీఎన్‌జీ వాగన్‌ఆర్ కొన్నాను. "కంపెనీ ఫిట్టింగ్ కదా, డిక్కీ బాగుంటుంది" అనుకున్నా. కాదు. అందులోనూ పెద్ద సిలిండర్ డిక్కీలోనే అడ్డంగా ఉంటుంది. మా అత్తగారికి మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక వీల్‌చైర్ మడిచి పెట్టాలంటే వెనక సీటు సగం మడవాల్సి వచ్చింది. సీటు మడిస్తే నలుగురం కూర్చోలేం. ఆవిడ్ని ఫిజియోథెరపీకి తీసుకెళ్లిన ప్రతిసారీ ఇదే ఇబ్బంది.

కాబట్టి కంపెనీదా, బయటదా అన్నది కాదండీ, సిలిండర్ ఎక్కడ ఉందన్నది చూసుకోండి. 2023లో టాటా ఆల్ట్రోజ్‌లో ఒక పెద్ద సిలిండర్ బదులు రెండు 30 లీటర్లవి డిక్కీ నేల కింద పెట్టారు. ఆ తర్వాత హ్యుండాయ్ ఎక్స్‌టర్‌లోనూ రెండు సిలిండర్లు వచ్చాయి. 2025లో వచ్చిన మారుతి విక్టోరిస్‌లో ట్యాంకు కారు అడుగునే ఉంది. డిక్కీ ముఖ్యమైతే వీటి దగ్గరికి వెళ్లాలి. నేను కొనేముందు షోరూమ్‌కి ఆ వీల్‌చైర్ తీసుకెళ్లి పెట్టి చూడాల్సింది.

వెంకట్_మియాపూర్:
సరే, సర్టిఫికెట్ విషయం నాకు తెలియదు, ఒప్పుకుంటా. అయితే ఆ రెండు చిన్న సిలిండర్ల పద్ధతి బయట షాపులో పెట్టించుకుంటే డిక్కీ కూడా మిగులుతుందిగా? వారంటీ గురించి కూడా ఊరికే భయపెడుతున్నారు. కిట్ వేస్తే కారు మొత్తం వారంటీ పోదు.

నాచారం_ఫిట్టర్:
రెండు సిలిండర్లు ఏ కిట్ అప్రూవల్‌లో ఎలా ఉంటే అలాగే పెట్టాలి. షాపువాడు తన ఇష్టం వచ్చినట్టు అమరిస్తే ఆర్‌సీ దగ్గర ఆగిపోతుంది. పైగా ఆల్ట్రోజ్ లాంటి వాటిలో స్టెప్నీ కూడా వేరే చోటికి మార్చి డిజైన్ చేశారు. వాగన్‌ఆర్‌లో స్టెప్నీ డిక్కీ నేల కింద ఉంటుంది, దాని మీద సిలిండర్ వస్తుంది. స్టాండు ఎత్తుగా లేకపోతే పంక్చరైన రాత్రి ఓఆర్‌ఆర్ మీద స్టెప్నీ బయటికి తీయలేరు. సిలిండర్ పెట్టాక ఒకసారి తీసి చూపించమనండి.

వారంటీ మొత్తం పోదన్నది నిజమే, ఏసీకో డోర్ లాక్‌కో పేచీ ఉండదు. కానీ కిట్ వేసేటప్పుడు ఏం చేస్తామో చెబుతాను. ఇంజిన్‌లోకి గాలి తీసుకెళ్లే గొట్టాన్ని ఇన్‌టేక్ మేనిఫోల్డ్ అంటాం, ఇంజిన్‌లోని ఒక్కో సిలిండర్ దగ్గర దానికి రంధ్రం వేసి గ్యాస్ నాజిల్ పెడతాం. పెట్రోల్ ఇంజెక్టర్ వైర్లని కత్తిరించి కిట్‌తో వచ్చే చిన్న కంప్యూటర్ ఈసీయూకి కలుపుతాం, కొన్ని కిట్లలో వైరు కోయకుండా కప్లర్లతో కలిపే వీలుంది. రంధ్రం పడ్డ మేనిఫోల్డ్ మళ్లీ పాతది కాదు. ఆ తర్వాత ఇంజిన్ మిస్‌ఫైర్ అయినా, చెక్ ఇంజిన్ లైటు వెలిగినా సర్వీస్ సెంటర్ వాళ్లు మొదట చూసేది ఆ వైర్లనే. ఇంజిన్, ఇంధనం, వైరింగ్ వారంటీ పోయినట్టే లెక్క వేసుకోండి. మేనిఫోల్డ్ విప్పి బయట రంధ్రం వేస్తారా, బండి మీదే వేస్తారా అని కూడా అడగండి. బండి మీద వేస్తే ఆ పొట్టు ఇంజిన్‌లోకి జారుతుంది.

మధ్య దారి ఒకటుంది. నిస్సాన్ మాగ్నైట్‌కి 2025లో డీలర్ దగ్గరే అప్రూవ్డ్ కిట్ వేయించుకునే ఏర్పాటు వచ్చింది. అప్పట్లో ధర 74,999, కిట్‌కి మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్ల వారంటీ. అలాంటిది వాగన్‌ఆర్‌కి లేదు.

ఉప్పల్_నివాసి:
అందరికీ థ్యాంక్స్. లెక్క వేశాను. పెట్రోల్ 107, సీఎన్‌జీ కిలో 96 అనుకుందాం. ట్రాఫిక్‌లో నా బండి లీటరుకి 17 ఇస్తోంది, గ్యాస్ మీద కిలోకి 24 వస్తుందనుకుంటే కిలోమీటరుకి 6.30 బదులు 4 రూపాయలు. నెలకి 22 రోజులు, 1760 కిలోమీటర్లు, అంటే 4 వేల చిల్లర మిగులు. 15 నెలల్లో కిట్ డబ్బు వస్తుంది. మరి లోన్ ఉంటే ఏం చేయాలి?

రఘు_వనస్థలిపురం:
బ్యాంకు నుంచి రాతపూర్వకంగా అనుమతి ముందే తీసుకోండి. కిట్ వేశాక 14 రోజుల్లోపు ఆర్టీఏకి చెప్పి ఆర్‌సీలో పెట్రోల్/సీఎన్‌జీ అని మార్పించాలి. ఆ వెంటనే ఇన్సూరెన్స్‌లో కిట్‌ని ఎక్కించండి, ప్రీమియం పెరిగేది కొద్దిగానే. సిలిండర్ నంబరు సర్టిఫికెట్ మీద, సిలిండర్ మెడ మీద ఒకటే ఉందో లేదో ఫోన్ లైటు వేసి చూసుకోండి. నా దాని మీద చివరి రెండంకెలు వేరుగా ఉన్నాయి, నేను ఎనిమిది నెలల తర్వాత గమనించాను.

శ్రావణి_అల్వాల్:
మూడేళ్లకోసారి సిలిండర్‌కి నీళ్ల ప్రెషర్‌తో చేసే హైడ్రో టెస్ట్ కూడా ఉంటుంది, కంపెనీ కారుకైనా తప్పదు. ఆ తేదీ దాటితే బంక్‌లో గ్యాస్ కొట్టరు. నా లెక్కలో అయితే వారంటీ ఏడాదిన్నర అయిపోయేదాకా పెట్రోల్ మీదే తిరగండి, తర్వాత కిట్ వేయించండి.

వెంకట్_మియాపూర్:
ఏడాదిన్నర ఆగితే నెలకి 4 వేల చొప్పున 72 వేలు పోతాయి మేడమ్. కిట్ ఖర్చు కన్నా అదే ఎక్కువ. నేనైతే సరైన సర్టిఫికెట్ దొరికితే ఇప్పుడే వేయిస్తా.

నాచారం_ఫిట్టర్:
ఇంజిన్ మీద 50 వేల బిల్లు వస్తే ఆ లెక్క మారుతుంది వెంకట్ గారూ. రాకపోతే మీ లెక్కే కరెక్ట్. అది ముందే ఎవరూ చెప్పలేరు.

ఉప్పల్_నివాసి:
షాపువాళ్లని సర్టిఫికెట్ అడిగితే ఇప్పుడే ఫొటో పంపారు. బీఎస్‌-6 అని ఉంది, ఇంజిన్ 998 సీసీ. నాది 1197 అని చెప్పాను. "దానికి వేరే కాగితం ఉంది సార్, రేపు పంపిస్తాం" అంటున్నారు. వచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వడం లేదు. ఆదివారం షోరూమ్‌కి వెళ్లి ఆ రెండు సిలిండర్ల కారు డిక్కీ చూసి వస్తాను, ఇంట్లో పెద్ద సూట్‌కేసు తీసుకెళ్తున్నా.