‘ఎదురు పద్దు’లో ఎదురు ఎవరికి?

నల్లకుంట: నగదు, బ్యాంకు, డిస్కౌంటు వరుసలుండే నగదు పుస్తకంలో రాసే కాంట్రా ఎంట్రీని తెలుగు మీడియంలో ‘ఎదురు పద్దు’ అంటారు కదా. ఈ ఎదురు అంటే వ్యతిరేకమా? మా చెల్లె పరీక్షకు చదువుతూ అడిగింది.

అమీర్‌పేట: వ్యతిరేకమే. ముందు రాసింది తప్పైతే దాన్ని కొట్టేయడానికి రాసే పద్దు.

మలక్‌పేట: మాట వరకు సగం ఒప్పే అన్నా, లాటిన్‌లో కాంట్రాకు ఆ అర్థముంది. కానీ ఇక్కడ ఏదీ రద్దు కాదు. ‘ఎదురిల్లు’లో ఉన్న ఎదురు ఇది. చేతిలో నగదు 4,000, బ్యాంకులో 10,000 ఉన్నాయనుకోండి. 3,000 బ్యాంకులో కట్టారు. డెబిట్ వైపు బ్యాంకు వరుసలో ‘నగదు’ అని 3,000, ఎదుటి వైపు నగదు వరుసలో ‘బ్యాంకు’ అని 3,000. తర్వాత ఆఫీసు కోసం 2,000 తీశారు. అది తిరగేసి పడుతుంది. రెండు పద్దులకూ, ఖాతాల పుస్తకమైన ఆవర్జా పుట సంఖ్య రాసే గడిలో ‘సి’ గుర్తు.

నల్లకుంట: ఆ గుర్తు ఎందుకు మేడం?

మలక్‌పేట: ఇక ఆవర్జాలోకి తీసుకెళ్లొద్దని. నగదు, బ్యాంకు ఖాతాలు ఈ నగదు పుస్తకంలోనే ఉన్నాయి. మళ్లీ ఎక్కిస్తే లెక్క రెండింతలవుతుంది. డెబిట్టూ క్రెడిట్టూ సమంగా ఎక్కుతాయి కాబట్టి, ఖాతాల నిల్వలను సరిచూసే అంకణా కలిసిపోతుంది, తప్పు బయటపడదు. అదే దీనిలోని గడుసుతనం.

బేగంబజార్: మా కొట్టు లెక్కలో ఇంటి ఖర్చుకు బ్యాంకు నుంచి తీస్తుంటాం. అదీ ఎదురు పద్దేనా?

మలక్‌పేట: కాదు సేఠ్. ఆ డబ్బు కొట్టు గల్లాలోకి రాలేదు. క్రెడిట్ వైపు బ్యాంకు వరుసలో ఒక్కసారే రాసి, సొంత వాడకాల ఖాతాకు డెబిట్ చేయాలి.

అమీర్‌పేట: సరే, డిస్కౌంటు వరుసలు కూడా నగదులాగే నిల్వ తేల్చాలి కదా?

మలక్‌పేట: అక్కడే మార్కులు పోతాయి. పై లెక్కలోనే 1,000 బాకీకి 970 నగదుగా వచ్చి 30 వదిలేశాం. 2,000 అప్పుకు 1,950 చెక్కిచ్చాం, వాళ్లు 50 వదిలారు. నగదు నిల్వ 3,970, బ్యాంకు నిల్వ 9,050. డిస్కౌంటుకు మొత్తాలే వేయాలి. 50లోంచి 30 తీసేసి 20 అని రాయొద్దు. ఒకటి నష్టం, ఒకటి లాభం, ఖాతాలు వేరు. బాకీదారు ఖాతాకు 970తో పాటు 30 కూడా క్రెడిట్, అప్పిచ్చినవాడి ఖాతాకు 1,950తో పాటు 50 డెబిట్. నెలాఖరున 30 ఇచ్చిన డిస్కౌంటు ఖాతాకు డెబిట్, 50 వచ్చిన డిస్కౌంటు ఖాతాకు క్రెడిట్. ఈ చివరి రెండూ మరిస్తే అంకణాలో సరిగ్గా 20 తేడా వస్తుంది.

నల్లకుంట: వచ్చిన చెక్కును మర్నాడు బ్యాంకులో వేస్తే?

మలక్‌పేట: ముందు నగదు వరుసలో రాసి, మర్నాడు ఎదురు పద్దు వేయమంటాన్నేను.

అమీర్‌పేట: మా సార్ మాత్రం వేసిన రోజే నేరుగా బ్యాంకు వరుసలో రాయమన్నారు.