జర్మనీ కంపెనీలకు అనుమతి లేకుండా మెయిల్ పంపాను, ఇప్పుడేం చేయాలి?

మాది గుంటూరులో చిన్న మిర్చి ఎగుమతి వ్యాపారం అండి. ఒక ఎగ్జిబిషన్ డైరెక్టరీలోని అడ్రస్‌లతో అమెరికా, జర్మనీ కొనుగోలుదారులకు మెయిల్స్ పంపాను. అమెరికాకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. మన పోస్టల్ అడ్రస్, అన్‌సబ్‌స్క్రైబ్ లింక్ పెట్టి, వద్దన్నవాళ్లకు 10 పనిదినాల్లో ఆపాలి. జర్మనీలో మాత్రం కంపెనీలకైనా ముందే స్పష్టమైన అనుమతి ఉండాలని, లింక్ పెట్టినంత మాత్రాన సరిపోదని ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు అక్కడి పర్చేజ్ మేనేజర్ ఒకరు తన వివరాలు నాకు ఎక్కడివో చెప్పమని, వాటిని తీసేయమని అడిగారు. యూరప్ డేటా రక్షణ చట్టమైన జీడీపీఆర్ ప్రకారం నెలలోపు జవాబివ్వాలి. డైరెక్టరీ పేరు దాచకుండా చెప్తాను. కానీ పూర్తిగా తీసేస్తే, రేపు కొత్త లిస్ట్‌లోంచి ఆయనకే మళ్లీ మెయిల్ వెళ్తుందేమోనని టెన్షన్. ‘పంపకూడనివారి’ జాబితాలో ఆ మెయిల్ ఐడీ ఒక్కటే ఉంచుకోవచ్చా? ఆ మాట ఆయనకెలా రాయాలి? మిగతా జర్మన్లను అనుమతి కోరుతూ మెయిల్ చేస్తే, అదీ ప్రకటన కిందకే వస్తుందా?