మనవరాలి ఉత్తరంలో ఈ సామెత ఉండవచ్చా?

తెనాలి తాతయ్య:
మా మనవరాలికి పదకొండేళ్లు. వచ్చే వారం నవోదయ విద్యాలయంలో ఆరవ తరగతిలో చేరుతోంది. ఇల్లు విడిచి ఉండడం ఇదే మొదటిసారి. పెట్టెలో బట్టల మీద పెట్టి పంపడానికి ఒక ఉత్తరం రాశాను. అందులో "అడగనిదే అమ్మయినా పెట్టదు తల్లీ, అక్కడ ఏం కావాలన్నా నోరు తెరిచి అడుగు" అన్నాను. మా కోడలు చదివి కన్నీళ్లు పెట్టుకుంది. అమ్మను వదిలి వెళ్తున్న పిల్లకు అమ్మ పెట్టదని రాయడమేమిటంటోంది. ఆ మాట ఉంచాలా, తీసేయాలా?

విశ్రాంత మేట్రన్:
ఉంచండి బాబాయి గారూ, కానీ అక్కడితో ఆపకండి. బాలికల వసతి గృహాల్లో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసిన దాన్ని కనుక ఒక సంగతి చెబుతాను. ఒక ఏడాది జూలైలో ఆరవ తరగతి పాప ఒకతె ఒళ్లు కాలిపోతూ నా దగ్గరకు వచ్చింది. మూత్రానికి వెళ్తే మంటగా ఉందని మూడు రోజులుగా ఎవరికీ చెప్పలేదు. బుజ్జగించి అడిగితే అసలు విషయం బయటపడింది. బాత్రూములు వరండా చివర ఉండేవి, రాత్రిపూట అంత దూరం ఒంటరిగా వెళ్లడానికి భయపడి, ఆ పాప సాయంత్రం బడి వదిలినప్పటి నుంచి నీళ్లు తాగడమే మానేసింది. నీళ్ల సీసా నిండుగా మంచం కింద అలాగే ఉంది. నర్సు చూసి ఆసుపత్రికి పంపింది, మందులతో తగ్గింది. పక్క మంచం పిల్లను తోడు లేపుకొమ్మని నేను చెప్పాక నీళ్లు తాగడం మొదలుపెట్టింది.

ఆ పాప తల్లి కూడా "ఏమైనా కావాలంటే అడుగు" అని చెప్పే పంపింది. అడగడమంటే అన్నమో, పుస్తకమో, సబ్బో అడగడమని పిల్ల అనుకుంది. తోడు రమ్మనడం కూడా అడగడమేనని ఆమెకు తోచలేదు. అందువల్ల సామెత కింద రెండు మూడు మాటలు ఉన్నవి ఉన్నట్టుగా రాసి పెట్టండి. "అక్కా, బాత్రూముకు తోడు వస్తావా?", "మేడం, నాకు కడుపు నొప్పిగా ఉంది", "ఇంకొంచెం అన్నం పెట్టండి" వంటివి. ఏ మాట ఎవరితో అనాలో కూడా రాయండి.

ఇద్దరు పిల్లల తండ్రి:
నా అభిప్రాయం వేరు. ప్రతిదానికీ అడగమని నేర్పితే పిల్ల సర్దుకుపోవడం ఎప్పుడు నేర్చుకుంటుంది? మా అబ్బాయి మొదటి పది రోజులు ఫోన్ చేసినప్పుడల్లా తీసుకెళ్లిపొమ్మని ఏడ్చాడు. మేము గట్టిగా ఉన్నాం, దసరా సెలవుల నాటికి వాడే స్నేహితుల కబుర్లు చెప్పసాగాడు.

విశ్రాంత మేట్రన్:
ఇంటి మీద బెంగ విషయంలో మీరు చెప్పింది నిజమే. చాలామందికి అది రాత్రి పడుకోబోయే వేళ ఎక్కువగా ఉండి, రోజులు గడిచే కొద్దీ తానే తగ్గుతుంది. అయితే జ్వరాన్ని, భయాన్ని, ఎవరైనా పెద్ద పిల్ల కొట్టడాన్ని ఆ లెక్కలో కలపకూడదు. బెంగతో ఏడ్చే పిల్ల మర్నాడు ఆటలో కలుస్తుంది. ఆట మాని, తిండి తగ్గించి, అడిగినా "ఏం లేదు" అనే పిల్ల దగ్గర కూర్చోవాలి.

పాత హాస్టల్ విద్యార్థి:
నేను ఎనభైలలో హాస్టల్లో చదివాను. మా తాతగారు "చిరంజీవికి ఆశీర్వదించి వ్రాయునది" అంటూ మొదలుపెట్టి, నేను పక్క తడుపుకొనే సంగతి వార్డెన్‌కు చెప్పమని ఉత్తరంలో రాశారు. ఆ ఉత్తరాన్ని వార్డెన్ ముందుగా విప్పి, అందరి ముందూ చదివారు. అప్పుడు నేను పడ్డ సిగ్గు ఇప్పటికీ గుర్తుంది. మీరు సామెత గురించి అడిగారని తెలుసు, అయినా ఇతరుల కంట పడితే పిల్ల తల దించుకునే మాట ఏదీ ఆ కాగితం మీద ఉండకుండా చూడండి.

గుంటూరు అక్క:
నేను మీ కోడలి పక్షమే. పదకొండేళ్ల పిల్ల రాత్రి దుప్పటిలో ఆ ఉత్తరం చదువుతుంది, పక్కన అర్థం చెప్పే పెద్దవాళ్లు ఉండరు. అప్పుడు ఆమె కంటికి సామెత కనిపించదు, "అమ్మ", "పెట్టదు" అనే రెండు మాటలే కనిపిస్తాయి.

తెనాలి తాతయ్య:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి భోజనాల దగ్గర ఈ సామెతకు అర్థం తెలుసా అని పాపనే అడిగాను. "ఆకలేస్తే అమ్మకు చెప్పాలి, అంతే కదా తాతయ్యా" అంది. ఉత్తరం తిరగరాశాను. మేట్రన్ గారు చెప్పిన మాటలు మూడూ చేర్చాను, పక్కనే ఎవరితో అనాలో రాశాను. పాపకు ఉబ్బసం ఉన్న సంగతి అందులోంచి తీసేశాను, దాన్ని చేర్పించే రోజున నర్సుకు నేరుగా చెబుతాను. సామెత ఉన్న చోటు మాత్రం ఇంకా ఖాళీగానే ఉంచాను. కోడలు ఒప్పుకోలేదు, నాకేమో తీసేయడానికి చేయి రావడం లేదు. ప్రయాణం గురువారం.